పుస్తకం రెల్ 9ది, కొత్త పరీక్ష రెల్ 10ది: ఏ వర్షన్ చదవాలి?

"నేను హైదరాబాద్‌లో ఒక ఐటీ సంస్థలో సర్వర్ సపోర్ట్ విభాగంలో పనిచేస్తున్నాను. రెడ్ హ్యాట్ లినక్స్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ అయిన ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాయాలని అమీర్‌పేటలో ఒక కోచింగ్‌లో చేరితే రెడ్ హ్యాట్ లినక్స్ 8 మీద తీసిన పాత వీడియోలు ఇచ్చారు. అవి పాతవని తెలిసి వర్షన్ 9 పుస్తకం కొనుక్కుని, ఇంటి పనుల మధ్య సగం దాకా చదివాను. ఇప్పుడు వర్షన్ 10 పరీక్ష వచ్చిందంటున్నారు. మా ఆఫీసులో చాలా సర్వర్లు ఇంకా 8 మీద, కొన్ని 7 మీద కూడా నడుస్తున్నాయి. మా మేనేజర్ 'ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ ఉంటే ఏప్రిల్ అప్రైజల్‌లో లెక్కలోకి వస్తుంది' అన్నారు. కానీ మా బావగారు కష్టపడి మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్‌ఏ చేస్తే కొన్నేళ్లకే ఆ సర్టిఫికేషన్‌నే ఎత్తేశారు. అదే జరిగితే ఇంత ఫీజు వృథా కదా అని మావారు అంటున్నారు. నా దగ్గర ఉన్నది మూడో తరం ఐ5 లాప్‌టాప్. చదివింది పక్కన పెట్టి 10 మొదలుపెట్టాలా, 9తోనే వెళ్లాలా, అసలు ఆగాలా?"
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

నమస్కారమండీ. ఈ విషయంలో మూడు వేర్వేరు గడువులు ఉంటాయి. వాటిని విడదీసి చూస్తే మీ ప్రశ్న చాలావరకు తేలికవుతుంది. మొదటిది సాఫ్ట్‌వేర్‌కు తయారీ సంస్థ ఎంతకాలం మద్దతు ఇస్తుందనేది. రెండోది ఒక వర్షన్ మీద పరీక్ష ఎప్పటిదాకా రాయనిస్తారనేది. మూడోది పాసైన తరువాత ఆ సర్టిఫికెట్ ఎంతకాలం చెల్లుబాటులో ఉంటుందనేది. ఈ మూడూ ఒకేసారి ముగియవు, ఒకదాన్ని బట్టి మరొకటి నడవదు. ఆఫీసులో 8 నడుస్తోంది కాబట్టి 8 చదవాలనుకోవడం, 10 వచ్చింది కాబట్టి 9 సర్టిఫికెట్ చెల్లదనుకోవడం, రెండూ ఈ గడువులు కలగలిసిపోవడం వల్ల కలిగే భయాలే.

మొదటి గడువు చూడండి. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్, మనవాళ్లు రెల్ అని పిలిచేది, ఈమధ్య దాదాపు మూడేళ్లకొకసారి కొత్త ప్రధాన వర్షన్‌గా వస్తోంది: 8 వచ్చింది 2019 మేలో, 9 వచ్చింది 2022 మేలో, 10 వచ్చింది 2025 మేలో. ఒక్కొక్క దానికి సుమారు పదేళ్ల మద్దతు ఉంటుంది. అందుకే మీ ఆఫీసులో 8 ఇంకా నిక్షేపంగా నడుస్తోంది, దానికి 2029 మే దాకా మద్దతు ఉంది. 7కు మాత్రం మామూలు మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది, ఆ పైన కావాలంటే విడిగా డబ్బు కట్టి పొడిగింపు తీసుకోవాలి. కాబట్టి మీ సంస్థ ఆ పాత సర్వర్లను ఎప్పుడో ఒకప్పుడు పైకి మార్చక తప్పదు. నేరుగా ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేస్తే 7 నుంచి 8కి, 8 నుంచి 9కి మెట్టుమెట్టుగానే వెళ్లాలి. అంటే రాబోయే రెండు మూడేళ్లలో మీ ఉద్యోగంలో మీ చేతికి ఎక్కువగా తగిలే వర్షన్ 9 కావడానికే అవకాశం ఎక్కువ. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ పనికొస్తుంది.

రెండో గడువు పరీక్షది, మిమ్మల్ని నిజంగా తొందరపెట్టేది ఇదే. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష కోడ్ EX200. వర్షన్ మారినా ఈ కోడ్ మారదు, అందుకే చాలామంది పొరబడతారు. కోచింగ్ బోర్డు మీద EX200 అని ఉంటే అది ఏ వర్షన్‌దో తెలియదు. ఏ వర్షన్ మీద పరీక్ష జరుగుతుందో రెడ్ హ్యాట్ వెబ్‌సైట్‌లోని EX200 పేజీలో పరీక్షాంశాల పైన స్పష్టంగా రాసి ఉంటుంది. పరీక్ష బుక్ చేసేటప్పుడూ వర్షన్ కనిపిస్తుంది. కొత్త వర్షన్ పరీక్ష వచ్చాక పాతదాన్ని కొంతకాలం పక్కనే ఉంచి, తరువాత తీసేస్తారు. ఆ కొంతకాలం ఎంతో అని ఊహించి ప్రణాళిక వేసుకోకండి. మీరు చూసే రోజున బుకింగ్‌లో 9 కనిపిస్తోందా, కనిపిస్తే ఏ తేదీ వరకు స్లాట్లు ఇస్తున్నారు అన్నదొక్కటే లెక్క. కోచింగ్ వారి మాట గానీ, పుస్తకం అట్ట మీది మాట గానీ దీనికి ఆధారం కాదు.

మూడో గడువు సర్టిఫికెట్‌ది. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పాసైన రోజు నుంచి మూడేళ్లు చెల్లుబాటులో ఉంటుంది. మీరు 9 మీద పాసైతే మూడేళ్లు, 10 మీద పాసైతేనూ మూడేళ్లే. మధ్యలో 9 పరీక్షను తీసేసినా, 11 వచ్చినా మీ గడువులో ఒక్క రోజు తగ్గదు. మూడేళ్లు దాటితే మీరు దాన్ని సాధించారన్న రికార్డు చెరిగిపోదు, కాకపోతే చెల్లుబాటులో లేదని కనిపిస్తుంది. అప్పుడు అప్పటికి నడుస్తున్న వర్షన్ మీద మళ్లీ రాయాలి, లేదా గడువు లోపలే ఆర్‌హెచ్‌సీఈ వంటి పై పరీక్ష పాసైతే కింది గడువు కూడా పొడిగింపబడుతుంది. ఆర్‌హెచ్‌సీఈ కావాలంటే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ చెల్లుబాటులో ఉండాలి గనుక, ఆ ఆలోచన ఉన్నవారు రెండింటి మధ్య మరీ ఎడం పెట్టుకోకపోవడం మంచిది.

ఇక మీ బావగారి సంగతి. మీవారి భయం నిరాధారం కాదు, కానీ రెండు సందర్భాలూ ఒకటి కావు. మైక్రోసాఫ్ట్ అప్పుడు చేసింది వర్షన్ మార్పు కాదు. విండోస్ సర్వర్, ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటి ఉత్పత్తుల పేర్ల మీద ఇచ్చే ఎంసీఎస్‌ఏ, ఎంసీఎస్‌ఈ వరుసనే ఆపేసి, అజూర్ అడ్మినిస్ట్రేటర్ వంటి ఉద్యోగ పాత్రల మీద ఇచ్చే సర్టిఫికేషన్లకు మారిపోయింది. ఆ పరీక్షలను 2020 జూన్ 30తో ముగిస్తామని ముందు ప్రకటించి, కరోనా వల్ల 2021 జనవరి 31 దాకా పొడిగించింది. ఆ మధ్యకాలంలో రెండు మూడు పేపర్లలో ఒకటి పాసై మిగిలినవి రాయలేకపోయినవారు నిజంగా నష్టపోయారు, ఎందుకంటే సగం పూర్తయిన ఎంసీఎస్‌ఏకు విలువ లేదు. ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ 2010లో రెల్ 6తో వచ్చినప్పటి నుంచి అదే పేరుతో, ఒకే పరీక్షగా కొనసాగుతోంది. ఒకే పేపర్ కాబట్టి మధ్యలో చిక్కుకుపోయే పరిస్థితి రాదు. ఏ సర్టిఫికేషన్ అయినా మొదలుపెట్టే ముందు అది ఒకే పేపరా, పలు పేపర్లా అన్నది మీవారితో కలిసి చూడండి. పేపర్లు ఎక్కువయ్యే కొద్దీ మధ్యలో నియమాలు మారే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం: మీరు చదివిన సగం పోతుందా? దీనికి జవాబు మూడు వర్షన్ల పరీక్షాంశాలను పక్కపక్కన పెట్టి చూస్తేనే దొరుకుతుంది. యూజర్లు, గ్రూపులు, ఫైల్ అనుమతులు, ఎల్‌వీఎం, స్వాప్, ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌లు, సిస్టమ్‌డీ సర్వీసులు, ఫైర్‌వాల్, ఎస్‌ఈలినక్స్, మరచిపోయిన రూట్ పాస్‌వర్డ్ మార్చడం, ఇవన్నీ 8లో ఉన్నాయి, 9లో ఉన్నాయి, 10లోనూ ఉన్నాయి. పరీక్షలో ఎక్కువ సమయం తినేవీ ఇవే. మారినవి అంచుల్లో ఉన్నాయి. 8లో స్ట్రాటిస్, వీడీఓ అనే స్టోరేజ్ అంశాలు ఉండేవి, 9లో తీసేశారు. పాడ్‌మ్యాన్‌తో కంటైనర్లు నడపడం 8 మధ్యలో చేరి, 9లో ఒక ముఖ్య భాగమై, 10లో తప్పుకుంది. 10లో ఫ్లాట్‌పాక్ ద్వారా సాఫ్ట్‌వేర్ పెట్టడం, క్రాన్‌తో పాటు సిస్టమ్‌డీ టైమర్లు రాయడం చేరాయి.

ఈ తేడాలే మీ చేతిలోని పుస్తకం, వీడియో, ప్రాక్టీసు పేపర్ ఏ కాలానివో గుర్తించడానికి ఉపయోగపడతాయి. విషయసూచికలో స్ట్రాటిస్, వీడీఓ పరీక్షాంశాలుగా ఉంటే అది 8 కాలపు సామగ్రి కావడానికే అవకాశం ఎక్కువ. పాడ్‌మ్యాన్‌కు ఒక పూర్తి అధ్యాయం ఉండి ఫ్లాట్‌పాక్ ప్రస్తావనే లేకపోతే అది 9. ఫ్లాట్‌పాక్, టైమర్లు ఉంటే 10. కొన్ని కోచింగ్ సంస్థలు పాత వీడియోలకే కొత్త పేరు పెట్టి అమ్ముతున్నాయి, నాకు తెలిసినవారు అలా మోసపోయారు. డబ్బు కట్టే ముందు విషయసూచిక అడిగి ఈ మాటలు వెతికితే ఐదు నిమిషాల్లో చాలావరకు తేలిపోతుంది.

అంశం పేరు మారకుండా, చేసే పద్ధతి మారినచోట ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఒక్క ఉదాహరణను పూర్తిగా చూద్దాం. సర్వర్‌కు స్థిరమైన ఐపీ అడ్రస్ ఇవ్వడం అన్ని వర్షన్ల పరీక్షలోనూ ఉంటుంది. మీ ఆఫీసులోని 7, 8 సర్వర్లలో సీనియర్లు `/etc/sysconfig/network-scripts` లోని `ifcfg` ఫైల్‌ను ఎడిటర్‌తో తెరిచి మార్చడం మీరు చూసే ఉంటారు. 9లో కొత్తగా చేసే కనెక్షన్లు ఆ ఫైల్‌లోకి వెళ్లవు, `/etc/NetworkManager/system-connections` లోకి వెళ్తాయి. పాత ఫైల్ పెట్టినా 9 ఇంకా చదువుతుంది. 10లో ఆ పాత పద్ధతిని పూర్తిగా తీసేశారు, మీరు ఎంత శుద్ధంగా ఆ ఫైల్ రాసినా ఏమీ జరగదు. ఆఫీసు అలవాటుతో పరీక్ష రాసేవారు దెబ్బతినేది ఇక్కడే. నెట్‌వర్క్ రాకపోతే దాని మీద ఆధారపడే తరువాతి ప్రశ్నలు కూడా చెడిపోతాయి. అదే పనిని ఇలా చేస్తే 7 నుంచి 10 దాకా ఎక్కడైనా పనిచేస్తుంది:

```
nmcli con show
nmcli con mod "ens160" ipv4.method manual \
  ipv4.addresses 192.168.50.10/24 \
  ipv4.gateway 192.168.50.1 ipv4.dns 192.168.50.1
nmcli con up "ens160"
```

మొదటి కమాండ్‌లో కనిపించిన కనెక్షన్ పేరునే రెండో దానిలో `ens160` స్థానంలో వాడాలి. తరువాత మెషీన్‌ను రీబూట్ చేసి `ip addr` తో అడ్రస్ నిలిచిందో లేదో చూడాలి. ఈ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు. మూడు గంటల పాటు నిజమైన మెషీన్ మీద పనులు చేయాలి, 300 మార్కులకు 210 వస్తే పాస్. రీబూట్ తరువాత కూడా మీరు చేసిన మార్పు నిలిచి ఉంటేనే మార్కులు. కాబట్టి చదివే ప్రతి అంశానికీ రెండు పద్ధతులు కనిపిస్తే, అన్ని వర్షన్లలో పనిచేసేదాన్నే చేతికి అలవాటు చేసుకోండి. అప్పుడు మీరు చదివిన సగంలో అధిక భాగం ఏ వర్షన్‌కైనా మీ వెంటే వస్తుంది.

ఇక మీ ముందున్న దారులు. బుకింగ్‌లో 9 ఇంకా దొరుకుతూ, ఏప్రిల్‌కు ముందే తేదీ కూడా దొరికితే 9తోనే వెళ్లడం ఒక దారి. పుస్తకం చేతిలో ఉంది, ఆఫీసు కూడా ఆ వైపే కదులుతుంది, మూడేళ్ల గడువులో తేడా లేదు. దీనిలోని ప్రమాదం ఒక్కటే: మొదటిసారి పాస్ కాకపోతే రెండోసారి రాసే నాటికి 9 ఉండకపోవచ్చు. అందుకని ఈ దారి ఎంచుకుంటే చివరి తేదీకి అంచున బుక్ చేయకండి, మధ్యలో కనీసం రెండు నెలలు ఖాళీ ఉండేలా చూడండి. ఆ వ్యవధి లేకపోతే 9 మోజు వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

బుకింగ్‌లో 10 మాత్రమే కనిపిస్తే, లేదా మీ తయారీకి ఇంకా నాలుగైదు నెలలు పడుతుందని మీకే అనిపిస్తే, 10కి మారండి. మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు. 10 పరీక్షాంశాల పేజీని అచ్చు తీసుకుని, మీ 9 పుస్తకంతో ప్రతి వరుసనూ పోల్చి, పుస్తకంలో ఉన్నవాటికి టిక్ పెట్టండి. టిక్ పడని వరుసలు కొన్నే మిగులుతాయి. వాటిని రెడ్ హ్యాట్ సొంత డాక్యుమెంటేషన్‌లో, మెషీన్‌లోని మ్యాన్ పేజీల్లో చదవండి. టైమర్లకు `man systemd.timer`, ఫ్లాట్‌పాక్‌కు `man flatpak` సరిపోతాయి. పరీక్ష గదిలోనూ మ్యాన్ పేజీలు అందుబాటులో ఉంటాయి కాబట్టి వాటిలో వెతకడం అలవాటు కావడం మరీ మంచిది. కంటైనర్ల అధ్యాయాన్ని పరీక్ష కోసం పక్కన పెట్టవచ్చు, ఉద్యోగానికి పనికొస్తుంది కాబట్టి తరువాత తీరిగ్గా చదవండి.

ఈ దారిలో మీకు ఎదురయ్యే అసలు అడ్డంకి పుస్తకం కాదు, లాప్‌టాప్. రెల్ 10 నడవాలంటే ప్రాసెసర్ x86-64-v3 అనే స్థాయిలో ఉండాలి. ఇంటెల్‌లో ఆ స్థాయి నాలుగో తరం కోర్ ప్రాసెసర్లతో, 2013లో వచ్చింది. మీది మూడో తరం కనుక రెల్ 9 నడుస్తుంది గానీ 10 బూట్ కాదు. తెలియకుండా ప్రయత్నిస్తే తెర మీద `CPU does not support x86-64-v3` అన్న సందేశం వచ్చి ఆగిపోతుంది. అది ఐఎస్‌ఓ పాడైపోవడం వల్లనో, వర్చువల్ బాక్స్ లోపం వల్లనో అనుకుని రోజులు పోగొట్టుకున్నవారున్నారు. మీ దగ్గర ఇప్పటికే ఉన్న 9 మెషీన్‌లో ఈ కమాండ్ ఇచ్చి చూడండి:

```
/lib64/ld-linux-x86-64.so.2 --help | grep supported
```

జాబితాలో x86-64-v2 మాత్రమే వచ్చి v3 రాకపోతే నేను చెప్పినది నిర్ధారణ అయినట్టు. అంత మాత్రాన కొత్త లాప్‌టాప్ కొనక్కరలేదు. రెల్‌కు అనుగుణంగా తయారయ్యే ఆల్మాలినక్స్ 10ను పాత ప్రాసెసర్ల కోసం x86-64-v2 రూపంలో కూడా విడుదల చేస్తున్నారు, అది మీ లాప్‌టాప్‌లో నడుస్తుంది. దానిలో సాధన చేసినవి పరీక్షకు సరిపోతాయి. అసలైన రెల్ మీదే చేయాలనిపిస్తే ఆఫీసులో ఒక టెస్ట్ మెషీన్ అడగండి, లేదా గంటల లెక్కన క్లౌడ్‌లో ఒక మెషీన్ అద్దెకు తీసుకోండి. రెల్ కోసం డబ్బు కట్టక్కరలేదు, రెడ్ హ్యాట్ డెవలపర్ ఖాతా తెరిస్తే వ్యక్తులకు 16 మెషీన్ల దాకా ఉచితంగా ఇస్తారు.

మూడో దారి ఆగడం. 11 వచ్చేదాకా ఆగుదాం అనేదానిలో మాత్రం నాకు ఏ లాభమూ కనిపించడం లేదు. వచ్చిన ప్రతి వర్షన్ వెనకా మరొకటి ఉంటుంది, ఈలోగా మీ అప్రైజల్ దాటిపోతుంది. కానీ ఈ ఏడాది ఇంట్లో ఖర్చులు ఎక్కువగా ఉండి, ఫీజు నిజంగా భారమైతే ఆగడంలో తప్పు లేదు. అప్పుడు ఫీజు కట్టకుండా, పుస్తకం కొనకుండా, అన్ని వర్షన్లకూ ఉమ్మడిగా ఉన్న భాగాన్ని మాత్రమే సాధన చేస్తూ ఉండండి. పరీక్షకు మూడు నెలల దూరంలో ఉన్నానని మీకు అనిపించిన రోజున వర్షన్ చూసుకుని సామగ్రి కొనండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు పుస్తకం కొని, ఏడాది తరువాత పరీక్ష గురించి ఆలోచిస్తారు.

ఒక విషయం కూడా చెప్పాలి. ఈ లెక్క రెడ్ హ్యాట్‌కు వర్తించినట్టు అందరికీ వర్తించదు. ఉదాహరణకు ఒరాకిల్ జావా పరీక్షల్లో 8, 11, 17, 21 వర్షన్లకు వేర్వేరు కోడ్‌లతో పరీక్షలు ఒకే కాలంలో పక్కపక్కన ఉంటూ వచ్చాయి. అక్కడ ఏది ఎంచుకోవాలన్నది నిజంగా అభ్యర్థి నిర్ణయం. అక్కడ చేసే పనిని బట్టి, సంస్థ వాడే వర్షన్‌ను బట్టి ఎంచుకోవడం సబబు. మీ స్నేహితులెవరైనా జావా వైపు నుంచి సలహా ఇస్తే, అది వాళ్ల పరీక్షకు సరైనదై ఉండి కూడా మీకు సరిపోకపోవచ్చు.

ఏ దారి ఎంచుకున్నా, ఫీజు కట్టే ముందు మీ మేనేజర్‌గారిని రెండు ప్రశ్నలు మెయిల్‌లో అడగండి. అప్రైజల్‌కు ఏ వర్షన్ మీది ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అయినా లెక్కలోకి వస్తుందా, ప్రత్యేకంగా ఏదైనా వర్షన్ కావాలా అన్నది మొదటిది. పాసైతే ఫీజు సంస్థ తిరిగి ఇస్తుందా, ఇస్తే ఏ తేదీలోపు ఫలితం చూపాలన్నది రెండోది. మాట మీద చెప్పినవి ఏప్రిల్ నాటికి మారవచ్చు, మెయిల్‌లో జవాబు ఉంటే మీవారికీ చూపించవచ్చు. ఆ జవాబు వచ్చిన రోజునే EX200 పేజీ తెరిచి, ఆ రోజు కనిపిస్తున్న వర్షన్లను, ఖాళీ ఉన్న తేదీలను రాసుకుని, పైన చెప్పిన మొదటి రెండు దారుల్లో ఏది మీకు కుదురుతుందో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.